రెండో స్థాయికీ మూడో స్థాయికీ మధ్య: ప్రాజెక్టు రూబ్రిక్‌లో ప్రమాణాలు, స్థాయిలు, మార్కుల నిలకడ

(ప్రాజెక్టు పనుల మూల్యాంకనంపై ఉపాధ్యాయులకు ఇచ్చిన ప్రసంగంలో రూబ్రిక్ నిర్మాణానికి సంబంధించిన భాగం)

అందరికీ నమస్కారం. రూబ్రిక్ అంటే ఎడమ పక్కన ప్రమాణాలు, పైన స్థాయిలు, గళ్లలో వివరణలు ఉండే పట్టిక అని ఇక్కడున్న అందరికీ తెలుసు. కాబట్టి నేరుగా ఒక ప్రాజెక్టులోకి వెళదాం. ఈ రోజు మాట్లాడేదంతా ఈ ఒక్క ప్రాజెక్టు చుట్టూ, అందులోనూ ఒకే ఒక్క ప్రమాణం చుట్టూ తిరుగుతుంది. ఆ ప్రమాణం పేరు ‘ఆధారాల నుంచి నిర్ధారణ’. విద్యార్థి తాను సేకరించిన సమాచారం నుంచి జవాబుకు ఎలా వచ్చాడన్నది ఇక్కడ చూస్తాం.

ప్రాజెక్టు ఇది. మొక్క పెరుగుదలపై వెలుతురు ప్రభావం ఏమిటన్నది ప్రశ్న. విద్యార్థులు ఒకే రకం చిక్కుడు గింజలను మూడు కుండీలలో నాటారు. ఒకదాన్ని ఎండ పడే కిటికీ దగ్గర, ఒకదాన్ని గదిలో నీడలో, ఇంకొకదాన్ని మూసిన అల్మరాలో ఉంచారు. రోజూ ఒకే కొలతతో నీళ్లు పోశారు. పదో రోజున మొక్కల సగటు ఎత్తు కొలిచి పట్టిక వేశారు. కిటికీ దగ్గర 11 సెంటీమీటర్లు, నీడలో 14, అల్మరాలో 19. ఇవన్నీ వివరణ కోసం నేను రాసుకున్న అంకెలు. అయితే చీకట్లో మొలిచిన మొక్క వెలుతురు కోసం సన్నగా, పొడవుగా సాగడం, ఆకులు చిన్నవిగా పాలిపోయి ఉండడం వృక్షశాస్త్రంలో బాగా తెలిసిన సంగతే.

ఇప్పుడు ఒక విద్యార్థి రాసిన నిర్ధారణ వినండి. “మొక్క పెరుగుదలకు వెలుతురు చాలా అవసరం. వెలుతురు ఎక్కువగా ఉన్న చోట మొక్కలు బాగా పెరిగాయని మా ప్రాజెక్టు ద్వారా తెలిసింది.”

వాక్యాలు శుభ్రంగా ఉన్నాయి. మొదటి వాక్యం పాఠ్యపుస్తకం చెప్పేదే, అందులో తప్పు లేదు. కానీ పక్కనే ఉన్న పట్టిక చూడండి. అన్నిటికంటే ఎత్తుగా పెరిగినవి అల్మరాలో ఉన్న మొక్కలు. “మా ప్రాజెక్టు ద్వారా తెలిసింది” అన్న మాటకు ఆ ప్రాజెక్టులోనే ఆధారం లేదు. విద్యార్థి పుస్తకంలోంచి జవాబు తెచ్చుకుని తన పట్టిక కింద పెట్టాడు.

దీన్ని ఇద్దరు ఉపాధ్యాయులు దిద్దారనుకుందాం. వారి చేతిలో ఉన్న రూబ్రిక్ ఈ ప్రమాణానికి ఇలా చెబుతుంది: నాలుగో స్థాయి, నిర్ధారణ చాలా స్పష్టంగా, సమగ్రంగా ఉంది; మూడో స్థాయి, స్పష్టంగా ఉంది; రెండో స్థాయి, కొంతవరకు స్పష్టంగా ఉంది; ఒకటో స్థాయి, అస్పష్టంగా ఉంది. మొదటి ఉపాధ్యాయురాలు పట్టిక చూసి, జవాబు చూసి, రెండో స్థాయి ఇచ్చారు. రెండో ఉపాధ్యాయుడు జవాబు శాస్త్రీయంగా సరైనదే కదా, స్పష్టంగానూ ఉంది కదా అని మూడో స్థాయి ఇచ్చారు. ఇద్దరూ శ్రద్ధగానే చదివారు, ఇద్దరూ రూబ్రిక్ ప్రకారమే నడిచారు. నా దృష్టిలో ఈ తేడాకు కారణం ఆ ఇద్దరిలో ఎవరూ కాదు. గడిలో రాసిన వాక్యమే కారణం.

మార్కులు మనిషిని బట్టి మారతాయన్నది పాత సంగతి. డేనియల్ స్టార్చ్, ఎడ్వర్డ్ ఇలియట్ అనే ఇద్దరు పరిశోధకులు 1912లో ఒకే ఇంగ్లీషు జవాబుపత్రం నకళ్లను అమెరికాలోని ఎన్నో ఉన్నత పాఠశాలలకు పంపి దిద్దించారు. మార్కులు చాలా దూరం చెదిరాయి. సాహిత్యం కాబట్టి అలా జరిగిందని కొందరన్నారు. మరుసటి ఏడాది వారు జ్యామితి జవాబుపత్రంతో అదే పని చేశారు. నూటికి 30 కంటే తక్కువ నుంచి 90 దాటేదాకా మార్కులు వచ్చాయి. గణితంలో కూడా ఇంత తేడా ఎందుకంటే, ఒక్కొక్కరు ఒక్కొక్క దానికి మార్కులు వేస్తున్నారు. ఒకరు తుది జవాబుకు, ఒకరు మెట్లకు, మరొకరు శుభ్రతకు. మన ఇద్దరు ఉపాధ్యాయుల మధ్య జరిగింది కూడా ఇదే. ఒకరు జవాబుకూ పట్టికకూ ఉన్న సంబంధాన్ని దిద్దారు, ఇంకొకరు జవాబుకూ పుస్తకానికీ ఉన్న సంబంధాన్ని దిద్దారు.

కాబట్టి మొదటి పని ప్రమాణాన్ని విడదీయడం. విషయ పరిజ్ఞానానికి మార్కులు ఇవ్వాలంటే దానికి వేరే వరుస పెట్టండి. ‘ఆధారాల నుంచి నిర్ధారణ’ అనే వరుసలో మాత్రం విద్యార్థి సొంత ఆధారాలకూ అతని జవాబుకూ ఉన్న ముడిని తప్ప ఇంకేదీ చూడకూడదు. ఒక ప్రమాణం వేరుగా నిలబడగలదా లేదా అని తెలుసుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. ఈ వరుసలో ఎక్కువ, పక్క వరుసలో తక్కువ తెచ్చుకునే ప్రాజెక్టును ఒకటి ఊహించండి. ఊహించగలిగితే అవి రెండు ప్రమాణాలు. ఎంత ఆలోచించినా ఊహకు రాకపోతే, ఒకే లోపానికి రెండు చోట్ల మార్కులు కోస్తున్నట్టే. మన ఉదాహరణలో ఊహించడం తేలిక. పుస్తక జ్ఞానం సరిగ్గా ఉండి ఆధారంతో ముడి లేని ప్రాజెక్టు తెర మీదే ఉంది.

రెండో పని స్థాయిల వివరణలు. ‘చాలా స్పష్టంగా, స్పష్టంగా, కొంతవరకు’ అనే వరుసలో పని మారడం లేదు, విశేషణం మాత్రమే మారుతోంది. ‘కొంతవరకు’ అన్నది ఎక్కడ ముగుస్తుందో ఎవరికి వారే నిర్ణయించుకోవాలి. అలా వదిలేస్తే రూబ్రిక్ ఉన్నా లేనట్టే.

దీన్నుంచి తప్పించుకోవడానికి చాలామంది అంకెల వైపు పోతారు. ‘ఐదు ఆధారాలు చూపితే నాలుగో స్థాయి, మూడు చూపితే మూడో స్థాయి’ అని రాస్తారు. ఇద్దరు దిద్దినా ఒకే మార్కు వస్తుంది, నిజమే. కానీ విద్యార్థులు ఐదు లెక్కపెట్టుకుని పనికిరాని రెండు ఆధారాలు చేర్చి తెస్తారు. ఒకే ఒక్క పట్టికను లోతుగా చదివిన విద్యార్థి కింద మిగిలిపోతాడు. నిలకడ వచ్చింది, కొలవాల్సినది జారిపోయింది. ఇది విశేషణాల జబ్బు కంటే ప్రమాదకరం, ఎందుకంటే దీన్ని ఎవరూ గమనించరు.

మరి ఎలా రాయాలి? ఒక స్థాయి నుంచి పై స్థాయికి వెళ్లినప్పుడు కాగితం మీద కొత్తగా ఏం కనిపిస్తుందో అది రాయాలి. మన ప్రమాణాన్ని తిరగరాస్తే ఇలా వస్తుంది.

ఒకటో స్థాయి: నిర్ధారణ లేదు, లేదా ఉన్నది ప్రాజెక్టు వేసుకున్న ప్రశ్నకు జవాబు కాదు.

రెండో స్థాయి: ప్రశ్నకు జవాబు ఉంది. కానీ సొంత కొలతలు వేటినీ చూపలేదు, లేదా చూపిన కొలతలు ఆ జవాబును నిలబెట్టవు.

మూడో స్థాయి: ప్రశ్నకు జవాబు ఉంది, దాన్ని నిలబెట్టే సొంత కొలతలు చూపారు. జవాబు ఆ కొలతలు చెప్పేదాన్ని దాటి పోలేదు.

నాలుగో స్థాయి: మూడో స్థాయిలో ఉన్నదంతా ఉంది. దానికి తోడు, జవాబులో ఇమడని కొలతనో, ఈ కొలతలతో తేల్చలేని విషయాన్నో గుర్తించి, ఎందుకో వివరించారు.

దీనితో మన విద్యార్థి నిర్ధారణ ఎక్కడికి వస్తుందో చూడండి. జవాబు ఉంది, కొలతలు దాన్ని నిలబెట్టవు. రెండో స్థాయి. అదే పట్టిక నుంచి ఇంకొకరు “చీకట్లో ఉంచిన మొక్కలు పది రోజుల్లో 19 సెంటీమీటర్లు, ఎండలో ఉంచినవి 11 సెంటీమీటర్లు పెరిగాయి. కాబట్టి ఈ పది రోజుల్లో చీకట్లోని మొక్కలే ఎక్కువ ఎత్తు పెరిగాయి” అని రాస్తే అది మూడో స్థాయి. మరొకరు దానికి తోడు “కానీ ఆ మొక్కల ఆకులు పాలిపోయి, కాండం నిలబడలేనంత సన్నగా ఉంది. ఎత్తు ఒక్కటే కొలిచాం కాబట్టి మొక్క బాగా పెరిగిందో లేదో ఈ పట్టిక చెప్పలేదు. బరువు కూడా తూచి ఉండాల్సింది” అని రాస్తే అది నాలుగో స్థాయి. ఇక్కడ భాషా సౌందర్యం కాదు, విద్యార్థి తన పట్టికతో చేసిన పని మారింది.

ఇప్పుడు కష్టమైనది. “చీకట్లో మొక్కలు 19 సెంటీమీటర్లు పెరిగాయి, కాబట్టి మొక్కలకు చీకటి మంచిది” అని ఒకరు రాశారనుకోండి. సొంత కొలత చూపారు, జవాబు కూడా ఆ కొలత దిశలోనే ఉంది. మూడో స్థాయి ఇవ్వాలనిపిస్తుంది. కానీ ఎత్తు కొలిచి ‘మంచిది’ అనడం కొలత చెప్పినదాన్ని దాటిపోవడమే. అంటే రెండో స్థాయి. ఇలాంటి సరిహద్దు పనులు ప్రతి ప్రమాణానికీ ఉంటాయి. వాటికోసం గడిలో ఇంకో మూడు వాక్యాలు ఇరికించకండి, ఎవరూ చదవరు. గడి కింద ఒకే ఒక్క సరిహద్దు ప్రశ్న రాయండి. రెండో స్థాయికీ మూడో స్థాయికీ మధ్య నేను పెట్టే ప్రశ్న ఇది: ఈ పట్టిక తప్ప ఇంకేమీ తెలియని మనిషి ఇదే జవాబుకు రాగలడా? రాగలిగితే మూడు, రాలేకపోతే రెండు. ‘చీకటి మంచిది’ అన్న మాటకు పట్టిక మాత్రమే చూసినవారు రాలేరు.

(సభలో ఒక అధ్యాపకురాలు: “స్థాయిలు నాలుగే ఎందుకు? ఐదో ఆరో ఉంటే ఇంకా సూక్ష్మంగా మార్కులు వేయవచ్చు కదా?”)

మంచి ప్రశ్న. పని మీద చూపించగలిగిన తేడాలు ఎన్ని ఉన్నాయో అన్ని స్థాయిలు పెట్టండి. పైన నాలుగు రాశాం. వాటి మధ్య ఐదోది పెట్టాలంటే కొత్తగా కనిపించే లక్షణం ఒకటి దొరకాలి. నాకు దొరకలేదు. దొరక్కుండా పెడితే మళ్లీ ‘కొంతవరకు’ అన్న మాట లోపలికి వస్తుంది. బేసి సంఖ్యలో స్థాయిలు పెడితే సందేహం వచ్చిన ప్రతిసారీ చెయ్యి మధ్య గడి మీదకు పోతుందన్నది కూడా నిజమే. కానీ సరి సంఖ్య సందేహాన్ని తీర్చదు. ఏదో ఒక వైపు తేల్చుకోమని మాత్రమే అంటుంది.

ప్రమాణాలకు ఇచ్చే మార్కుల బరువు గురించి ఒక్క మాట చెప్పి ముందుకు వెళతాను. కాగితం మీద రాసిన బరువు, నిజంగా పనిచేసే బరువు ఒకటి కావు. నివేదికకు 30 మార్కులు పెట్టి అందరికీ 24 నుంచి 26 మధ్య వేశారు, మౌఖిక ప్రదర్శనకు 10 మార్కులు పెట్టి 2 నుంచి 10 దాకా వేశారు అనుకోండి. తరగతిలో ఎవరు పైన, ఎవరు కింద అన్నది తేల్చేది ఆ పది మార్కులే. మార్కులు వేశాక ప్రతి ప్రమాణంలో అవి ఎంత విస్తరించాయో ఒకసారి చూసుకోండి.

ఇక నిలకడ. రూబ్రిక్ రాశాక ఇద్దరు ఉపాధ్యాయులు ఒకరితో ఒకరు మాట్లాడుకోకుండా అవే 20 ప్రాజెక్టులను దిద్దాలి. ఇది అసలు మూల్యాంకనానికి ముందు, పాత ప్రాజెక్టులతో చేయాల్సిన పని. మన పాత రూబ్రిక్‌తో, అంటే ‘కొంతవరకు స్పష్టంగా’ ఉన్నదానితో, ఈ ఒక్క ప్రమాణంలో ఇలాంటి ఫలితం వచ్చిందనుకుందాం. అడ్డ వరుసలు మొదటి ఉపాధ్యాయురాలివి, నిలువు వరుసలు రెండో ఉపాధ్యాయుడివి.

| | 1 | 2 | 3 | 4 | మొత్తం |
|---|---|---|---|---|---|
| 1 | 2 | 1 | 0 | 0 | 3 |
| 2 | 0 | 3 | 5 | 0 | 8 |
| 3 | 0 | 0 | 5 | 1 | 6 |
| 4 | 0 | 0 | 0 | 3 | 3 |
| మొత్తం | 2 | 4 | 10 | 4 | 20 |

ఐమూలగా ఉన్న గళ్లు కూడితే 13. అంటే ఇరవైలో పదమూడు చోట్ల ఇద్దరూ ఒకే స్థాయి ఇచ్చారు, 65 శాతం. ‘ఒక స్థాయి తేడా ఉన్నా ఏకీభవించినట్టే’ అని లెక్కేస్తే నూటికి నూరు శాతం. చాలా నివేదికల్లో ఈ రెండో అంకెనే గొప్పగా చూపుతారు. నాలుగే స్థాయిలున్న రూబ్రిక్‌లో ఒక స్థాయి తేడా అంటే చిన్నది కాదు. రెండో స్థాయి అంటే ఆధారం నిలబడలేదని, మూడో స్థాయి అంటే నిలబడిందని. కాబట్టి నేను ఆ అంకెను నమ్మను.

65 శాతంలో కూడా కొంత యాదృచ్ఛికంగా కలిసినది ఉంటుంది. దాన్ని తీసేసి చూసే కొలమానాన్ని జేకబ్ కోహెన్ 1960లో ప్రతిపాదించారు. దాన్ని కప్పా అంటారు.

```
κ = (Po − Pe) / (1 − Pe)
```

ఇందులో `Po` అంటే నిజంగా కలిసిన భాగం, ఇక్కడ 0.65. `Pe` అంటే ఇద్దరూ తమ తమ అలవాటు నిష్పత్తిలో పని చూడకుండా స్థాయిలు పంచిపెట్టినా కలిసే భాగం. మొదటి ఉపాధ్యాయురాలు ఇరవైలో 8 పనులకు రెండో స్థాయి ఇచ్చారు, అంటే 0.4. రెండో ఉపాధ్యాయుడు 4 పనులకు ఇచ్చారు, అంటే 0.2. రెండూ గుణిస్తే 0.08. ఇలాగే మిగతా మూడు స్థాయిలకూ చేసి కూడితే 0.275 వస్తుంది. 0.65 నుంచి 0.275 తీసేసి, వచ్చిన 0.375ను 0.725తో భాగిస్తే కప్పా 0.52. పూర్తిగా కలిస్తే 1, యాదృచ్ఛికంగా కలిసేంత మాత్రమే కలిస్తే 0.

0.52 మంచిదా చెడ్డదా అని అడిగితే పేర్లు పెట్టిన పట్టికలు ఉన్నాయి. 1977లో లాండిస్, కాక్ ప్రతిపాదించినదాని ప్రకారం ఇది ‘మధ్యస్థం’. ఆ విభజన గీతలు తాము స్వేచ్ఛగా గీసుకున్నవేనని వారే రాశారు. పైగా 20 పనుల మీద వచ్చిన కప్పా ఒకటి రెండు పనులు అటూ ఇటూ అయితే చాలా కదులుతుంది. అందుకే ఆ ఒక్క అంకె దగ్గర ఆగిపోకండి. పట్టికకే తిరిగి రండి, చెప్పాల్సినదంతా అక్కడే ఉంది.

తేడా వచ్చిన పనులు ఏడు. ఏడింటిలోనూ రెండో ఉపాధ్యాయుడి స్థాయే ఎక్కువ. ‘ఆయన ఉదారంగా వేస్తారు’ అనేసి ఊరుకోవాలనిపిస్తుంది. కానీ ఉదారత మనిషి స్వభావమైతే అన్ని సరిహద్దుల దగ్గరా కనిపించాలి. ఇక్కడ ఏడింటిలో ఐదు, రెండో స్థాయికీ మూడో స్థాయికీ మధ్యే ఉన్నాయి. అది వాక్యం వైపు వేలు చూపుతోంది. అయినా తొందరపడకూడదు. ఎక్కువ పనులు ఆ మధ్య ప్రాంతంలోనే ఉన్నాయి కాబట్టి తేడాలు కూడా అక్కడే ఎక్కువగా కనిపించవచ్చు. తేల్చుకోవాలంటే ఒక్కటే దారి. ఆ ఐదు పనులనూ బయటికి తీసి, ఇద్దరినీ కూర్చోబెట్టి, స్థాయి చెప్పకుండా కారణం మాత్రమే చెప్పమనాలి. ‘నువ్వెందుకు ఎక్కువ వేశావు’ అని అడిగితే సంజాయిషీ వస్తుంది. ‘ఈ పేజీలో ఏ వాక్యం చూసి నిర్ణయించుకున్నారు’ అని అడిగితే సమాచారం వస్తుంది. ఐదింటిలోనూ ఒకరు పట్టికను, ఇంకొకరు పాఠ్యపుస్తకాన్ని చూపిస్తే లోపం రూబ్రిక్‌దే. ఒకే వాక్యం చూపించి ఒకరు చాలంటే ఇంకొకరు చాలదంటే అది ఉదారత. అప్పుడు రూబ్రిక్‌ను మార్చడం కాదు, ఇద్దరూ కలిసి నమూనా పనులు దిద్దడం అవసరం.

వివరణలు తిరగరాశాక మళ్లీ పరీక్షించేటప్పుడు అవే ఇరవై పనులు తీసుకోకండి. వాటి మీద చర్చ జరిగిపోయింది, జ్ఞాపకంతో కలుస్తారు. ఇంకో ఇరవై తీసుకోండి. ఈసారి 17 కలిసి, మిగిలిన మూడు తేడాలలో రెండు ఒక వైపు, ఒకటి ఇంకో వైపు ఉంటే అది మంచి సూచన. శాతం పెరగడం కంటే తేడాలు రెండు వైపులా పడడం నాకు ఎక్కువ నమ్మకం ఇస్తుంది. మిగిలింది ఒక పక్కకు లాగే అలవాటు కాకుండా, అప్పుడప్పుడూ వచ్చే సందేహం మాత్రమే అయి ఉండవచ్చని అర్థం.

దిద్దే క్రమం కూడా నిలకడను మారుస్తుంది. ఒక ప్రాజెక్టును తీసుకుని అన్ని ప్రమాణాలూ పూర్తిచేసి తర్వాతి దానికి వెళ్లడం అందరికీ అలవాటు. అట్ట అందంగా ఉన్న ప్రాజెక్టుకు నిర్ధారణలోనూ ఒక స్థాయి ఎక్కువ పడిపోయేది ఇక్కడే. ఒక లక్షణం మీద ఏర్పడిన అభిప్రాయం మిగతా లక్షణాల మీదకు పాకడాన్ని ఎడ్వర్డ్ థార్న్‌డైక్ 1920లో, సైన్యాధికారులు తమ కింది వారికి ఇచ్చిన అంచనాలను పరిశీలిస్తూ వివరించారు. పరివేష ప్రభావం అంటాం. దీనికి విరుగుడు ఒకే ప్రమాణాన్ని అన్ని ప్రాజెక్టులలో పూర్తిచేసి, కట్టను కలిపి వరుస మార్చి, తర్వాతి ప్రమాణం మొదలుపెట్టడం. పేజీలు ఎక్కువసార్లు తిప్పాల్సి వస్తుంది, సమయం పడుతుంది. ప్రమాణాలన్నిటికీ చేయలేకపోతే ఎక్కువ మార్కులున్న ఒకటి రెండిటికైనా చేయండి.

పెద్ద కట్ట దిద్దుతున్నప్పుడు ఇంకో సంగతి జరుగుతుంది. మొదట్లో ఉన్న గీత మధ్యాహ్నానికి జరిగిపోతుంది. ఇది దిద్దేవారికి లోపల నుంచి తెలియదు. తెలియాలంటే ముందుగా అందరూ కలిసి స్థాయి నిర్ణయించుకున్న నమూనా పనుల నకళ్లను, గుర్తు లేకుండా, కట్టలో అక్కడక్కడా కలపాలి. మూడో స్థాయి అని తేల్చుకున్న నమూనాకు నలభయ్యో పని దగ్గర రెండో స్థాయి పడితే, చివరి నమూనా సరిగ్గా పడిన చోటి నుంచి మళ్లీ చూడాలి. నమూనాల కోసం అద్భుతమైన పనినీ అధ్వానమైన పనినీ ఎంచుకోకండి, వాటి మీద ఎవరికీ సందేహం రాదు. ‘చీకటి మంచిది’ లాంటి సరిహద్దు పనులే నమూనాలుగా పనికొస్తాయి.

(సభలో మరొకరు: “ఇంత చేశాక కూడా ఇద్దరి మధ్య తేడా మిగిలితే సగటు తీయవచ్చా?”)

ఒక ప్రమాణంలో ఒకరు రెండు, ఇంకొకరు నాలుగు ఇచ్చారనుకోండి. సగటు మూడు. కానీ ఆ పనిలో మూడో స్థాయి లక్షణాలు చూసినవారు ఎవరూ లేరు. ఒకరు ఆధారం నిలబడలేదన్నారు, ఇంకొకరు నిలబడడమే కాదు, దాని పరిమితిని కూడా విద్యార్థి చెప్పాడన్నారు. ఇద్దరిలో ఒకరు ఏదో ఒక పేజీ చూడకపోయి ఉండాలి. అందుకని రెండు స్థాయిల తేడా వస్తే సగటు వద్దు. ఇద్దరూ ఆ పేజీ దగ్గర కూర్చుని తేల్చాలి, తేలకపోతే ముందరి స్థాయిలు చూడని మూడో వ్యక్తి దిద్దాలి. ఒక స్థాయి తేడా మాత్రమే అయితే సరిహద్దు ప్రశ్నను ఇద్దరూ మళ్లీ చదివి తేల్చుకోవచ్చు. అప్పటికీ కుదరకపోతే ఆ పనిని పక్కన పెట్టి, వచ్చే ఏడాది రూబ్రిక్‌కు నమూనాగా దాచుకోండి. ఈ విద్యార్థికి మాత్రం పై స్థాయి ఇవ్వండి. గీత ఎక్కడుందో మనమే చెప్పలేకపోయినప్పుడు ఆ నష్టం విద్యార్థి మీద పడకూడదు.